వెనక పోగు పొడవే అసలు లెక్క

జంషెడ్‌పూర్‌లో డిసెంబరు, జనవరి రాత్రులు 10 డిగ్రీల కిందికి దిగడం మామూలే. కోస్తా ఆంధ్రలో పెట్టె అడుగున పడి ఉండే స్వెట్టరుకు ఇక్కడ రోజూ పని పడుతుంది. ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని ఈ ఊరు చేరిన తెలుగు కుటుంబాల ఆడవాళ్లు సలాయిలు, ఫందాలు, సీదా, ఉల్టా అనే మాటలతో సహా అల్లికను ఇరుగుపొరుగు దగ్గర నేర్చుకున్నారు. ఒకే రంగు ఊలుతో ముందు, వెనక, చేతులు చక్కగా అల్లే చెయ్యి కూడా, మెడ చుట్టూ రెండు రంగుల గుండ్రటి యోక్ మొదలుపెట్టగానే తడబడుతుంది. పువ్వుకూ పువ్వుకూ నడుమ బట్ట లోపలికి లాక్కుపోతుంది, నిలువు గాడులు పడతాయి, భుజాల మీద పరుచుకోవలసిన యోక్ పైకి ఎగదన్నుతుంది. చూసినవాళ్లు వెంటనే ‘నీ చెయ్యి బిగువు, కాస్త వదులుగా అల్లు’ అంటారు. ఆ సలహా దాదాపు ఎప్పుడూ తప్పే. అదే చెయ్యి కింద ఒంటి రంగు భాగాన్ని నున్నగా అల్లింది కదా. ఇక్కడ చూడవలసింది ఫందా బిగువును కాదు, దాని వెనక నడిచే పోగు పొడవును. ఆ పొడవు ఏ క్షణంలో ఖాయమవుతుందో తెలిస్తే సగం ముడతలు పుట్టనే పుట్టవు.

రెండు రంగుల అల్లికలో ఒక వరుసలో రెండు ఊలు దారాలు పక్కపక్కనే నడుస్తాయి. ఎరుపు ఫందాలు వేస్తున్నంతసేపు తెలుపు ఊలు బట్ట వెనక అడ్డంగా సాగుతుంది. మళ్లీ దాని వంతు రాగానే ముందుకొస్తుంది. వెనక అలా అడ్డంగా పడి ఉండేదే ఫ్లోటు. ముందున్న ఫందా వంపు తిరిగిన ఉచ్చు కాబట్టి లాగితే సాగుతుంది, వదిలితే సర్దుకుంటుంది. ఫ్లోటుకు ఆ వంపు లేదు. అది తిన్నగా పడిన పోగు, దాని పొడవు దాటి బట్ట వెడల్పు పెరగదు. ముందు ఫందాలకు 23 మిల్లీమీటర్ల చోటు కావాలి, వెనక పోగు 20 మిల్లీమీటర్లే ఉంది అనుకుందాం. ఆ మిగులు బట్ట ఎక్కడికీ పోలేక ముందుకు ఉబ్బుతుంది, లేదా మడత పడుతుంది. ముడత అంటే అంతే. ఫందాలను ఎంత వదులుగా వేసినా వెనక పోగు పొట్టిగా ఉంటే ఫలితం మారదు. పైగా ఫందాలు పెద్దవైతే వాటికి మరింత చోటు కావాలి, ఉబ్బు ఎక్కువవుతుంది. ‘వదులుగా అల్లు’ అన్న మాట పాటించి ఇంకా దిగజారిన యోకులకు కారణం ఇదే.

పోగు పొట్టి అయ్యేది ఎక్కడంటే కుడిచేతి సలాయి మీద. అల్లిన ఫందాలు సలాయి మొన దగ్గర ఒకదానినొకటి ఒరుసుకుని గుంపుగా ఉంటాయి. బట్టలో 5 ఫందాలు పట్టే వెడల్పు సలాయి మీద అందులో మూడు వంతులకో, సగానికో కుదించుకుపోయి ఉంటుంది. రంగు మార్చి తెలుపు ఊలును అందుకుని మొదటి ఫందా వేసిన క్షణాన దాని వెనక పోగు పొడవు ఖాయమైపోతుంది. ఆ క్షణంలో ఫందాలు గుంపుగా ఉంటే పోగు ఆ గుంపు కొలతే తీసుకుంటుంది. తర్వాత బట్ట పరుచుకోవాలని చూసినా పోగు ఒప్పుకోదు. కాబట్టి రంగు మార్చే ప్రతిసారీ, కొత్త రంగుతో ఫందా వేయకముందు, కుడి సలాయి మీది చివరి పదీ పన్నెండు ఫందాలను వేలితో వెనక్కి జరిపి, బట్టలో ఉండబోయే వెడల్పుకు పరచాలి. అప్పుడు పోగును లాగకుండా దాని వెనక పరిచి, ఆ తర్వాతే ఫందా వేయాలి. పని అంతే గానీ ఒక్కసారి మరిచినా ఆ చోటు కనిపించి తీరుతుంది.

ఇది యోక్‌లోనే ఎందుకు ఇంతగా బాధిస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం. 10 సెంటీమీటర్లకు 22 ఫందాలు వచ్చే ఊలుతో పెద్దవాళ్ల స్వెట్టరు అనుకుందాం. ఛాతీ చుట్టూ 196 ఫందాలు, ఒక్కో చేతికి 62. చంకల దగ్గర ఒంట్లోంచీ చేతుల్లోంచీ 8 చొప్పున నాలుగు చోట్ల పక్కన పెడితే యోక్ మొదటి వరుసకు 288 ఫందాలు మిగులుతాయి, అంటే 131 సెంటీమీటర్ల చుట్టుకొలత. 12 ఫందాల పువ్వు 24 సార్లు సరిగ్గా కూర్చుంటుంది. ఒక్కో పువ్వులో 5 ఫందాల ఫ్లోట్లు రెండు ఉన్న వరుసను తీసుకుంటే చుట్టూ 48 ఫ్లోట్లు. ఒక్కొక్కటి ఉండవలసిన పొడవు 22.7 మిల్లీమీటర్లు. 20 దగ్గర ఆగితే పోయింది 2.7 మిల్లీమీటర్లే కదా అనిపిస్తుంది, కంటికి ఆనదు కూడా. కానీ 48 చోట్ల కలిపి చూస్తే దాదాపు 13 సెంటీమీటర్లు. 131 ఉండవలసిన వరుస 118కి దిగింది. ముందువెనకలు విడిగా అల్లి కుట్టే స్వెట్టరులో ఇలాంటి లోటు రెండు ముక్కలకు పంచుకుపోతుంది, కుట్టు కొంత దాస్తుంది. యోక్‌లో కుట్టు లేదు. చేతులు ఎత్తినప్పుడు అడ్డంగా సాగవలసినదీ సరిగ్గా ఆ భాగమే.

ఇక్కడే మరో ఇబ్బంది ఉంది. 131 సెంటీమీటర్ల బట్టను మనం 80 సెంటీమీటర్ల వంపు సలాయి మీద అల్లుతాం. అంటే అల్లుతున్నంతసేపూ బట్ట కుదించుకునే ఉంటుంది, ముడత ఉన్నా లేనట్టే కనిపిస్తుంది. ఐదారు వరుసల పని అయ్యాక ఫందాలలో సగాన్ని మరో సలాయి మీదికో పొడుగాటి దారం మీదికో మార్చి, బట్టను బల్ల మీద పరచి రెండు చేతులతో అడ్డంగా లాగి చూడాలి. ముందు ఫందాలు చదును కాకముందే వెనక పోగులు తీగల్లా బిగుసుకుంటే అవి పొట్టి. బట్ట పరిచి ఉన్నప్పుడు పోగులు వేలు దూరేలా వేలాడితే పొడవు ఎక్కువ. పరిచిన బట్టలో తిన్నగా, లాగకుండా ఆనుకుని ఉంటే సరైనవి. పొట్టి పోగును వెనక నుంచి సూదితో లాగి సరిచేయడం మాత్రం కుదరదు. అందుకు పక్క ఫందా నుంచి ఊలు రావాలి, అప్పుడు ముందు వైపు ఆ ఫందా చిక్కిపోతుంది. 6 వరుసలు విప్పడమే తక్కువ పని.

దీనికి మొదటి అభ్యంతరం, ‘తడిపి ఆరబెడితే సర్దుకుంటుంది’ అనేది. షెట్లాండ్ దీవుల ఫేర్ ఐల్ అల్లిక మీద పెరిగిన పుస్తకాల్లో ఈ మాట తరచూ కనిపిస్తుంది, అక్కడ అది సగం నిజమే. గొర్రె ఊలు తడిసినప్పుడు పోగు కొంత మెత్తబడి కొంత సాగుతుంది, పొలుసుల వల్ల పక్క పోగులను పట్టుకుంటుంది, ఒకటీ అరా మిల్లీమీటరు లోటు సర్దుకుపోతుంది. కానీ మన బజారుల్లో చేతి అల్లికకు దొరికేది చాలావరకు అక్రిలిక్, లేదా అక్రిలిక్ కలిపినది. అది నీళ్లలో తన ఆకారం మార్చుకోదు. వేడి ఆవిరి పడితే మెత్తబడుతుంది గానీ కాస్త ఎక్కువైతే బట్ట చచ్చిపడినట్టు జారిపోయి తిరిగి కోలుకోదు. కాబట్టి గొర్రె ఊలు వాళ్ల సలహా ఇక్కడికి నేరుగా తెచ్చుకోకూడదు. అక్రిలిక్‌తో అల్లేవారికి పోగు పొడవు సలాయి మీదే సరిపోవాలి.

రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. పోగులు పొడవుగా వదిలితే వేళ్లకూ గాజులకూ తగులుకుంటాయి, రంగు మారే చోట ఫందా వదులై రంధ్రంలా తేలుతుంది కదా, అంటారు. పొడవుగా వదలమనడం కాదిది, బట్ట వెడల్పుకు సమానంగా వదలమనడం. అంతకు మించితే ఈ తప్పులన్నీ నిజంగానే వస్తాయి. తగులుకోకుండా ఉండాలంటే పోగును మధ్యలో చిక్కించాలి. రెండు ఊలు దారాలను ఒకదాని మీదుగా మరొకదాన్ని తిప్పి, ఆ ఫందా వెనక పోగును నొక్కి పట్టేలా చేయడం. గొర్రె ఊలులో 7 ఫందాల దాకా వదిలేసినా పోగులు ఒకదానికొకటి అంటుకుని నిలుస్తాయి. జారుడు అక్రిలిక్‌లో ఈ మందానికి 5 ఫందాలు దాటితే చిక్కించడం మంచిది. అలాగని ప్రతి రెండు ఫందాలకోసారి చిక్కిస్తే బట్ట అట్టలా గట్టిపడుతుంది, సాగే గుణం పోతుంది, ముదురు రంగు లేత రంగు సందుల్లోంచి చుక్కలుగా తొంగి చూస్తుంది. కింది వరుసలో చిక్కించిన చోటికి సరిగ్గా మీదే మళ్లీ చిక్కించకూడదు. రెండు మూడు వరుసలు ఒకే నిలువులో చిక్కితే అక్కడ సన్నటి గాడి పడి, దాన్ని కూడా ముడత అనే అనుకుంటాం.

సరిచేయడం కన్నా మంచిది అసలు పొడవాటి ఫ్లోట్లు లేని బొమ్మ ఎంచుకోవడం. ఫేర్ ఐల్ సంప్రదాయం ఒక వరుసలో రెండే రంగులకు కట్టుబడడం, బొమ్మను చిన్న చిన్న గళ్లుగా విడగొట్టడం అలంకారం కోసమే కాదు, వెనక పోగు నిడివిని అదుపులో పెట్టడానికి కూడా. హిమాచల్ లాహౌల్ మేజోళ్ల మీది రంగురంగుల నమూనాలనూ ఈ కళ్లతో చూడాలి. సామాన్యంగా మనం ఎంచుకునే పెద్ద పువ్వు, మధ్యలో ఖాళీ నేల అనే ఊహ ముగ్గుకు బాగుంటుంది, యోక్‌కు బాగుండదు. ఖాళీ నేలలో రెండు మూడు చుక్కలు చల్లితే పోగు సగానికి తగ్గుతుంది.

ఇక తగ్గింపులు. ఎలిజబెత్ జిమ్మర్‌మన్ 1971 నాటి ‘నిటింగ్ వితౌట్ టియర్స్’లో యోక్‌ను కొద్ది వరుసల్లోనే తగ్గించే పద్ధతి చెప్పింది. ముందు పావు వంతు, తర్వాత మూడో వంతు తగ్గించాలి. మన లెక్కలో 288 నుంచి 216, అక్కడి నుంచి 144 వస్తాయి, పువ్వు 12 నుంచి 9కి, 6కి దిగుతుంది. 22 సెంటీమీటర్ల ఎత్తున్న యోక్‌లో మొదటి తగ్గింపు సగం ఎత్తులో, రెండోది ముప్పావు వంతు దగ్గర. ఈ తగ్గింపులను బొమ్మ వరుసలోకి దూర్చకుండా ఒంటి రంగు వరుసలో పెట్టుకోవడమే నాకు సరైనదిగా తోస్తుంది. రెండు ఫందాలను కలిపి అల్లేటప్పుడు చెయ్యి సహజంగానే బిగుస్తుంది, అదే వరుసలో వెనక పోగు కూడా ఉంటే అది తప్పక పొట్టి అవుతుంది. ఒంటి రంగు నుంచి రెండు రంగుల వరుసలోకి వెళ్లేటప్పుడు సలాయి అర మిల్లీమీటరు పెంచి, బొమ్మ అయిపోగానే తిరిగి తగ్గిస్తే రెండిటి వెడల్పూ కలుస్తుంది. కొందరు దీన్ని దొంగదారి అంటారు గానీ, రెండు రంగుల బట్ట ఒంటి రంగు బట్టకన్నా అడ్డంగా దగ్గరపడడం మంచి చేతుల్లోనూ జరిగేదే.

పైకి వెళ్లేకొద్దీ సలాయి కూడా పొట్టిది కావాలి. 144 ఫందాలు 65 సెంటీమీటర్ల చుట్టుకొలతే. వాటిని 80 సెంటీమీటర్ల సలాయి మీద లాగి పట్టి అల్లితే మోచేతులు అలసి, ఊలును లాక్కోవడం మొదలవుతుంది. 60కి, మెడ దగ్గర మరో మూడో వంతు తగ్గించాక మిగిలే 96 ఫందాలకు 40కి మారాలి. మెడ పట్టీకి దగ్గరలో ఇరుకు చుట్టులో పోగులు పొట్టి అవుతున్నట్టు అనుమానం వస్తే, స్వెట్టరును లోపలి వైపు బయటికి తిప్పి పట్టుకుని, ముందు వైపు మాత్రం ఎప్పటిలాగే సీదాలోనే అల్లవచ్చు. అప్పుడు పోగులు వంపుకు బయటి అంచున నడుస్తాయి, దూరం ఎక్కువ కాబట్టి తగినంత ఊలు తామే తీసుకుంటాయి.