రెండుకూ మూడుకూ మధ్య గీత ఎక్కడ?

ఒకే జవాబుకు ఇద్దరు మాస్టర్లు వేరువేరు మార్కులు వేయడం పాత సంగతే. 1912లో అమెరికాలో స్టార్చ్, ఇలియట్ అనే పరిశోధకులు ఒకే ఇంగ్లిష్ జవాబుపత్రాన్ని ఎన్నో హైస్కూళ్లకు పంపి దిద్దించారు. నూటికి 64 నుంచి 98 దాకా మార్కులు పడ్డాయి. ఈ తేడాను తగ్గించే పద్ధతి ఒకటుంది. ప్రతి మార్కుకూ ఒక మాదిరి జవాబును ముందే ఎంచి, దిద్దేవారందరి ముందూ పెట్టాలి.

బళ్లారి గాంధీనగర్ పిల్లలకు నాలుగు మార్కుల ప్రశ్న ఇచ్చామనుకుందాం: తాగునీరు రావడం లేదని మహానగర పాలికె కమిషనర్‌కు లేఖ రాయండి. ‘విషయం స్పష్టంగా ఉంటే 3’ అని నియమం రాస్తే, ఆ స్పష్టత ఎంతో ఎవరికి వారే తేల్చుకుంటారు. మాదిరి ఆ సందేహాన్ని తీరుస్తుంది. ‘వారం రోజులుగా మా వీధిలో నీళ్లు లేవు, ట్యాంకర్ పంపండి’ అన్న లేఖకు 3. సమస్య, వ్యవధి, కోరిక ఉన్నాయి. చిరునామా, తేదీ లేవు. అవీ ఉంటే 4. సమస్య చెప్పి ఏం కావాలో అడగనిదానికి 2.

అసలు పని గీత దగ్గర ఉన్న జవాబులతోనే. ముత్యాల్లాంటి అక్షరాలతో పేజీ నిండా రాసి, చివరికి ఏమీ కోరని లేఖకు చాలామంది 3 వేసేస్తారు. దాన్ని 2 కింద మాదిరిగా పెట్టి, ‘కోరిక లేదు’ అని కారణం రాయాలి. అలాగే కుళాయి అనకుండా ఇక్కడి వాడుకలో ‘నల్లి’ అని రాసిన మంచి లేఖను 4 కింద పెడితే, కోస్తా నుంచి వచ్చి దిద్దే మాస్టరు కూడా ఆ మాటకు మార్కు కోయరు.

మాదిరులను ఊహించి రాయకుండా పిల్లల నిజమైన జవాబుల్లోంచే ఏరాలి. ముగ్గురు విడివిడిగా దిద్ది, ఒకే మార్కు వేసినవాటిని తీసుకోవాలి. తేడా వచ్చినవాటిపై చర్చించి, కారణం కుదిరితేనే గీత మాదిరిగా ఉంచాలి. తర్వాత ఎవరూ చూడని ఇరవై లేఖలను ఇద్దరితో విడివిడిగా దిద్దించి పరీక్షించాలి.

ఇద్దరూ ఇరవైలో పద్నాలుగింటికి ఒకే మార్కు వేస్తే 70 శాతం. అయితే ఇద్దరూ ఎక్కువగా 3 వేసే అలవాటున్నవారైతే యాదృచ్ఛికంగానే 40 శాతం కలవవచ్చు. అప్పుడు మిగిలిన 60లో నిజంగా కుదిరింది 30, అంటే సగమే.

కంప్యూటర్‌తో దిద్దించినా పరీక్ష ఇదే. కోరిక లేని ఆ పొడవాటి లేఖకు అది 4 వేస్తే, విషయాన్ని వదిలి పొడవును కొలుస్తోందని అనుమానించాలి.

మూల్యాంకనం మొదలయ్యాక గొడవపడేకన్నా, మొదటి కట్ట విప్పకముందే మాదిరులు సిద్ధం చేసుకోండి. పిల్లవాడి మార్కు ఎవరి చేతికి పేపరు వెళ్లిందన్నదాన్ని బట్టి మారకూడదు.