ధర చీటీలో కనపడని ఇరుసు

మా మేనల్లుడు ఎంవీపీ కాలనీ నుంచి రుషికొండ మీది ఆఫీసుకు సైకిల్ మీద వెళ్తానని బయల్దేరాడు. చిన్నప్పటి సైకిల్ తప్ప గేర్ల సైకిల్ ఎప్పుడూ ముట్టుకోలేదు. షాపులో మూడింటి ముందు నిలబడి నాకు ఫోన్ చేస్తే వెళ్లాను. మొదటిది 11,000 రూపాయలు. స్టీలు ఫ్రేము, ముందు స్ప్రింగుల ఫోర్కు, రెండు చక్రాలకీ డిస్క్ బ్రేకులు, 21 గేర్లు. రెండోది 17,500. అల్లాయ్ ఫ్రేము, అవే 21 గేర్లు, రిమ్మును పట్టే మామూలు రబ్బరు బ్రేకులు, స్ప్రింగుల్లేవు. మూడోది 29,000. అది కూడా అల్లాయే, హైడ్రాలిక్ డిస్క్ బ్రేకులున్నాయి, గేర్లు మాత్రం 16.

“ఇదేం లెక్క మావయ్యా? ధర పెరిగేకొద్దీ గేర్లు తగ్గిపోతున్నాయి,” అన్నాడు.

గేర్లతోనే మొదలుపెట్టాం. 21 అంటే ముందు మూడు పళ్ల చక్రాలు, వెనక ఏడు. మొదటి రెండు సైకిళ్లకీ ముందు 42, 34, 24 పళ్లు. వెనక 14 నుంచి 28 దాకా. ముందు పళ్లని వెనక పళ్లతో భాగిస్తే, పెడలు ఒక్క చుట్టు తిరిగేసరికి చక్రం ఎన్ని చుట్లు తిరుగుతుందో తెలుస్తుంది. పెద్దదాన్ని 24 పళ్ల మీద వేస్తే 1.75. మధ్యదాన్ని 20 పళ్ల మీద వేస్తే 1.70. చిన్నదాన్ని 14 మీద వేస్తే 1.71. మూడు గేర్లు, కాలికి తెలిసే బరువు ఒక్కటే. పైగా ఆ మూడోదాంట్లో చైను ఏటవాలుగా సాగి, రాసుకుంటూ అరుగుతుంది, కనక వాడకూడదు. ఇలాంటివి తీసేస్తే ఇరవైయొకటిలో పనికొచ్చేవి పన్నెండో పదమూడో మిగులుతాయి.

అసలు చూడాల్సినవి రెండు కొసలు. కొండెక్కే గేరు 24 బై 28, అంటే 0.86. ఖరీదైన సైకిల్లో ముందు 30, వెనక 34, అంటే 0.88. రుషికొండ ఎక్కేటప్పుడు రెండూ ఒకటే. పరుగు గేరులో మాత్రం తేడా ఉంది. మొదటి రెండింటిలో అది 3, మూడోదాంట్లో 4 దాటుతుంది. కానీ 3 మీద నిమిషానికి 80 సార్లు పెడలు తిప్పితేనే గంటకి 30 కిలోమీటర్లు వస్తుంది. కొత్తగా తొక్కేవాడికి బీచ్ రోడ్డు మీద అంతకన్నా ఏం కావాలి? కాబట్టి ఒక్క గేర్ల కోసం రెండోదాని కన్నా మూడోదానికి 11,500 ఎక్కువ పెట్టక్కర్లేదు.

ఫ్రేము సంగతికొస్తే, షాపుకు వెళ్లేటప్పుడు ఫ్రిజ్ మీది అయస్కాంతం ఒకటి జేబులో వేసుకోమంటాను. స్టీలుకి అంటుకుంటుంది, అల్యూమినియానికి అంటుకోదు. మావాడు రెండో సైకిల్ ఫ్రేము మీద పెడితే జారిపోయింది, ముందు ఫోర్కు మీద పెడితే టక్కున పట్టుకుంది. అందులో మోసమేమీ లేదు. ఆ ధరలో ఫ్రేము ఒక్కటే అల్లాయ్‌గా ఉండటం మామూలే. అయితే ‘అల్లాయ్ సైకిల్’ అన్న మాట ఎంతవరకు నిజమో తెలుసుకుని డబ్బివ్వాలి.

బరువు గురించి షాపువాళ్లు చాలా చెబుతారు. స్టీలుది 17 కిలోలు తూగింది, అల్లాయ్‌ది 13. మావాడు 92 కిలోలు. సైకిల్‌తో కలిపి 109 ఎక్కడ, 105 ఎక్కడ? కొండ మీద మిగిలే శ్రమ నూటికి నాలుగు వంతులైనా కాదు. అయితే వాడుండేది లిఫ్టు లేని మూడో అంతస్తు. రోజూ భుజాన వేసుకుని మెట్లెక్కేవాడికి ఆ నాలుగు కిలోలు లెక్కే. ఇక విశాఖలో సముద్రపు గాలి ఉండనే ఉంది. స్టీలు ఫ్రేముకి తుప్పు లోపలి నుంచి పడుతుంది. సీటు గొట్టంలోంచి దిగిన వాననీరు పెడళ్ల ఇరుసు దగ్గర చేరి నిలుస్తుంది, పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. అల్లాయ్‌కి ఆ బాధ తక్కువ. కాకపోతే దాంట్లో స్టీలు సీటు కడ్డీ ఉంటే ఏడాదికోసారైనా బయటికి తీసి గ్రీజు రాయాలి. లేకపోతే ఉప్పుగాలికి రెండు లోహాలూ కరుచుకుని ఇక ఊడిరావు.

స్టీలు సైకిల్‌ని నేను పక్కన పెట్టమన్నది మాత్రం తుప్పుకి కాదు, స్ప్రింగులకీ డిస్కులకీ. 11,000లో ఆ రెండూ పెట్టారంటే, ఆ డబ్బు కంటికి కనపడని భాగాల్లోంచి తగ్గించారన్నమాట. ఆ ధరలో స్ప్రింగు ఫోర్కు బరువు పెంచుతుంది, నిలబడి తొక్కితే మన బలాన్ని కొంత మింగేస్తుంది. తారు రోడ్డు మీద దానివల్ల వచ్చే సుఖం కాస్త లావు టైరులో సరైన గాలి ఉంటే వస్తుంది.

ఇక 17,500కీ 29,000కీ మధ్య. ఇక్కడే కాస్త వంగి వెనక చక్రం చూడాలి. ఏడు పళ్ల చక్రాలున్న సైకిళ్లలో ఎక్కువగా ఉండేది ఫ్రీవీలు. పళ్ల గుత్తీ, టిక్కుటిక్కుమనే యంత్రమూ ఒకే ముద్దగా హబ్బుకి మర బిగిస్తారు. అది కుడివైపు చోటంతా ఆక్రమించడంతో అటువైపు బేరింగు హబ్బు లోపలికి జరిగిపోతుంది. బేరింగు నుంచి ఫ్రేము దాకా ఇరుసు కొంత మేర ఏ ఆధారమూ లేకుండా నిలబడాలి. బరువైన మనిషి, గుంతల రోడ్డు కలిస్తే ఇరుసు సరిగ్గా అక్కడే వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది. మూడోదాంట్లో ఉన్న క్యాసెట్ పద్ధతిలో ఆ టిక్కుటిక్కు యంత్రం హబ్బులోనే భాగం. బేరింగు ఫ్రేము పక్కకి వచ్చేస్తుంది, ఇరుసుకి రెండువైపులా ఆనిక దొరుకుతుంది. 11,500 తేడాలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనపడింది అదే. దాన్ని ఏ ధర చీటీలోనూ రాయరు.

గుర్తుపట్టడం కష్టం కాదు. వెనక అతి చిన్న చక్రం పళ్లు లెక్కపెట్టాలి. 14 ఉంటే దాదాపుగా ఫ్రీవీలే, 11 ఉంటే సాధారణంగా క్యాసెట్. అనుమానముంటే చక్రం ఊడదీయించి పళ్లని వెనక్కి తిప్పి చూడాలి. మధ్యలో పనిముట్టు పెట్టే గాళ్లు పళ్లతోపాటు తిరిగితే క్యాసెట్, కదలకుండా ఉంటే ఫ్రీవీలు.

“ఇప్పుడు ఇది తీసుకుని తర్వాత క్యాసెట్ వేయించుకోవచ్చు కదా సార్,” అన్నాడు షాపాయన, 17,500దాన్ని తట్టి. వేయించుకోవచ్చు. కానీ హబ్బే మారాలి, అంటే వెనక చక్రమే కొత్తది కొనాలి. ఎనిమిది గేర్లంటే మీట కూడా మారుతుంది, చాలాసార్లు చైనూ మార్చాల్సి వస్తుంది. విడివిడిగా కొంటే ఏ భాగమూ కొత్త సైకిల్లో కలిసొచ్చిన ధరకి రాదు.

రెండు సైకిళ్ల మీదా షిమానో అని ఉంది. 17,500దాని మీద ఆ పేరు చైనుని జరిపే వెనక డిరైలరు మీద మాత్రమే, అదీ ఆ కంపెనీ మెట్లలో అడుగున ఉండే టోర్నీ రకం. మీటలకీ, క్రాంకులకీ, హబ్బుకీ పేరే లేదు. భాగాల పట్టిక అడిగి తీసుకుంటే, తయారీదారు పేరుండాల్సిన చోట ఉత్త ‘అల్లాయ్’ అని ఎన్నిసార్లు ఉందో చూడండి. మూడోదాంట్లో అలాంటి వరసలు తక్కువగా ఉన్నాయి.

మావాడిని మూడోదే తీసుకోమన్నాను. కారణం ఆ 92 కిలోలే. వాడి చెల్లెలు 52 కిలోలుంటుంది, ఇంటి దగ్గరి కాలేజీకి చదును రోడ్డు. తనకైతే కళ్లు మూసుకుని 17,500ది ఇప్పించేవాణ్ణి. ఫ్రీవీలు ఇరుసు ఆ బరువుని ఏళ్ల తరబడి మోస్తుంది, రబ్బరు బ్రేకులు ఏ మూల మెకానిక్కైనా బిగిస్తాడు. హైడ్రాలిక్ బ్రేకులో గాలి చేరితే దాన్ని తీయడం తెలిసినవాడి కోసం వెతుక్కోవాలి. ఆ మాట చెబితే మావాడు షాపాయన వైపు తిరిగి, ఆ పని ఇక్కడే చేస్తారా, ఎంత తీసుకుంటారు అని అడిగాడు.