ఆ కవరు మీద మీ పేరూ ఉంది

గత ఏడాది నవంబర్ 9, ఆదివారం సాయంత్రం నాకో ఫోన్ వచ్చింది. చేసింది డాలస్ శివార్లలో ఉంటున్న ఒక తెలుగమ్మాయి. ఎవరింట్లోనో వ్రతంలో పరిచయమైంది. ముందురోజు పార్కులో ఆమె కొడుకు, ఎనిమిదేళ్లవాడు, పైనుంచి పడి మోచేతి దగ్గర ఎముక విరగ్గొట్టుకున్నాడు. రాత్రికి రాత్రే ఆపరేషన్ చేసి పిన్నులు వేశారు. కౌంటర్లో ఇన్సూరెన్స్ కార్డు ఇస్తే, ఇది సెప్టెంబర్ 30తోనే ఆగిపోయిందన్నారట.

"అక్కా, ఆయన ఉద్యోగం పోయి రెండు నెలలు కావస్తోంది. కోబ్రా కాగితాలు వచ్చాయి కానీ, రేటు చూసి ఆయన పక్కన పెట్టేశారు. ఎల్లుండితో అరవై రోజులూ అయిపోతాయి. ఇంకేమైనా చెయ్యొచ్చా?"

"ఆ కవరు ఇంట్లోనే ఉందా అమ్మా? తీసి, దాని మీద ఎవరి పేర్లున్నాయో చదువు."

సొరుగు లాగిన చప్పుడు వినిపించింది. భర్త పేరు చదివింది. కాసేపు ఆగి, "నా పేరు కూడా ఉందక్కా" అంది.

పద్నాలుగేళ్లుగా ఒక కంపెనీ హెచ్ఆర్‌లో ఉద్యోగుల ఇన్సూరెన్స్ వ్యవహారాలు చూడటమే నా పని. ఆ కవరు మీద భార్య పేరు మర్యాద కోసం వేసింది కాదు. ఇన్సూరెన్సు కొనసాగించుకునే హక్కు ఆమెకు విడిగా ఉంది, పిల్లలకూ ఎవరిది వారికే ఉంది. ఈ వారం చెప్పదలచుకున్నది అదే.

1986 ఏప్రిల్‌లో సంతకమైన ఒక పెద్ద బడ్జెట్ చట్టం పేరులోని పొడి అక్షరాలు కలిపితే కోబ్రా అయింది. ఇరవై మంది, అంతకు పైన ఉద్యోగులున్న కంపెనీకి ఇది వర్తిస్తుంది. మనమే మానేసినా, వాళ్లే తీసేసినా, అదే ఇన్సూరెన్సును పద్దెనిమిది నెలల దాకా కొనసాగించుకోవచ్చు. తీవ్రమైన దుష్ప్రవర్తన మీద తీసేస్తే మాత్రం లేదు. వీసా మీద ఉన్నవాళ్లకు వేరే రూలేమీ లేదు.

ప్లాన్ అదే, డాక్టర్లు వాళ్లే. మారేది డబ్బు ఎవరు కడతారన్నదే. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ ప్రీమియంలో ఎక్కువ భాగం కంపెనీ కడుతుంది, అది మన కంటికి కనపడదు. కోబ్రాలో మొత్తం మనదే, పైన రెండు శాతం ఖర్చుల కింద వేసుకోవచ్చు. ఈ కుటుంబంలో ఆయన జీతంలోంచి నెలకు 500 డాలర్లు పోయేవి. అసలు ప్రీమియం 2,000. కోబ్రా కాగితం మీద 2,040 అని కనపడేసరికి ఆయన గుండె జారిపోయింది. ఉద్యోగం పోయిన ఇంట్లో ఆ అంకె చూసి కాగితం మడిచి పెట్టేస్తే నేను తప్పు పట్టను. అయితే మడిచి పెట్టడం వేరు, వద్దని రాసివ్వడం వేరు.

ముందు ఆ అరవై రోజుల సంగతి. ఆమె లెక్కపెట్టిన అరవై వీసాది. హెచ్-1బి మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోయాక సాధారణంగా అరవై రోజుల గడువుంటుంది. ఆయన ఆఖరి రోజు సెప్టెంబర్ 12 కాబట్టి అది నవంబర్ 11తో సరి. అంతకు ముందే కొత్త కంపెనీ ఆయన పిటిషన్ వేసేసింది కనుక ఆ గండం గడిచింది. కోబ్రాకీ అరవై రోజులే, కానీ వాటిని ఉద్యోగం పోయిన రోజునుంచి లెక్కపెట్టరు. ఇన్సూరెన్స్ ఆగిన రోజు, నోటీసు ఇచ్చిన రోజు, ఈ రెండింటిలో ఏది తర్వాతదైతే అక్కడినుంచి లెక్క. చాలా ప్లాన్లలో లాగే వీళ్లకూ నెలాఖరు దాకా, అంటే సెప్టెంబర్ 30 దాకా ఇన్సూరెన్స్ నడిచింది. నోటీసు మీద అక్టోబర్ 6 తేదీ ఉంది. గడువు డిసెంబర్ 5. ఆమె ఫోన్ చేసేనాటికి ఇంకా ఇరవై ఆరు రోజులు మిగిలే ఉన్నాయి.

గడువులోగా ఏ రోజు ఎంచుకున్నా, ప్రీమియం కడితే ఇన్సూరెన్స్ ఆగిన రోజునుంచే మళ్లీ నడిచినట్టు లెక్కిస్తారు. నవంబర్ 8న జరిగిన ఆపరేషన్ కూడా అందులోకే వస్తుంది. ప్రభుత్వ మార్కెట్‌ప్లేస్‌లో కొనే ప్లాన్‌కు ఈ గుణం లేదు. ఉద్యోగం పోయాక దాన్ని కొనుక్కోవడానికీ అరవై రోజులే ఇస్తారు, కానీ అది ముందుకే నడుస్తుంది, విరిగిపోయిన చేతిని పట్టించుకోదు.

"ఆ ఫారం మీద వద్దు అనే చోట ఆయన సంతకం పెట్టి పంపలేదు కదా?" అని అడిగాను. పంపలేదంది. అప్పుడు గానీ నా మనసు కుదుటపడలేదు.

ఆ ప్రశ్న అడగడం నేను నేర్చుకున్నది ఒక కుటుంబం నష్టపోయాక. ఈ పనిలో చేరిన రెండో ఏడు. ఒకాయన ఉద్యోగం మానేసి వెళుతూ, కోబ్రా ఫారం మీద అందరికీ వద్దని గుర్తు పెట్టి పంపేశాడు. నాలుగు వారాల తర్వాత భార్యకు పిత్తాశయంలో రాళ్లని అర్ధరాత్రి హాస్పిటల్లో చేర్చారు. గడువు ఇంకా ఉంది కాబట్టి వద్దన్నదాన్ని వెనక్కి తీసుకున్నారు. చట్టం అందుకు ఒప్పుకుంటుంది. కానీ వద్దని రాసిచ్చి వెనక్కి తీసుకుంటే, వెనక్కి తీసుకున్న రోజునుంచి మాత్రమే ఇన్సూరెన్స్ ఇస్తే చాలు. ఆపరేషన్ దానికి మూడు రోజుల ముందు జరిగిపోయింది. కాగితం పంపకుండా ఊరికే ఉండి ఉంటే ఆ బిల్లు మొత్తం ప్లాన్ పరిధిలోకి వచ్చేది. ఆ రోజు ఆయన ఫారం అందుకున్నది నేను. ఆవిడతో ఒక్కసారి మాట్లాడి ఉంటే బావుండేదని ఈనాటికీ అనుకుంటాను.

కాబట్టి నా సలహా ఇది. తీసుకోవాలో లేదో తేలకపోతే ఏమీ పంపకండి. గడువు తేదీ ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి.

మళ్లీ ఆ అమ్మాయి ఫారం దగ్గరికి వద్దాం. కుటుంబంలో ఒక్కొక్కరి పేరుకూ ఒక్కో గడి ఉంది. చాలామంది అన్నిటికీ ఒకేలా గుర్తు పెట్టేస్తారు. ఇంటిల్లిపాదికీ తీసుకోనక్కర్లేదు, ఎవరికి అవసరమైతే వారికే తీసుకోవచ్చు. భర్త తనకు అక్కర్లేదన్నంత మాత్రాన భార్యకూ బిడ్డకూ హక్కు పోదు. మైనర్ బిడ్డ తరఫున తల్లి సంతకం చాలు. ఆమె కొడుకు పేరు దగ్గర మాత్రమే గుర్తు పెట్టి, నవంబర్ 14న పోస్టాఫీసుకు వెళ్లి, పంపినట్టు రసీదు వచ్చేలా పంపింది. పోస్టు ముద్ర తేదీయే లెక్క కాబట్టి ఆ రసీదు దాచుకోవాలి.

ఒక్కరికే కనుక వాళ్ల ప్లాన్‌లో పడ్డది ఒంటరి మనిషి రేటు. 700 మీద రెండు శాతం కలిపి నెలకు 714. మొదటి చెల్లింపుకు ఎంచుకున్న రోజునుంచి నలభై అయిదు రోజులు, అంటే డిసెంబర్ 29 దాకా టైముంది. ఆ తర్వాత ప్రతి నెలా ముప్పై రోజుల వెసులుబాటు. అక్టోబర్ 1 నుంచి బాకీ మొత్తం కట్టాలి, ప్రమాదం జరిగిన నెలకు మాత్రమే కడతామంటే కుదరదు. భర్త కొత్త కంపెనీలో ఇన్సూరెన్స్ జనవరి 1న మొదలైంది. మూడు నెలలకు 2,142 డాలర్లు కట్టారు. అందరికీ తీసుకుని ఉంటే 6,120 అయ్యేది. పాత ప్లానే కాబట్టి ఆ ఏడాది పిల్లవాడి పేరున అప్పటికే నిండిన డిడక్టిబుల్ కూడా అలాగే నిలిచింది.

డబ్బు కట్టిన మర్నాడే కార్డు పనిచేయదు. ప్లాన్‌లో పేరు మళ్లీ ఎక్కడానికి కొన్ని రోజులు పడుతుంది, ఈలోపు హాస్పిటల్ బిల్లు ఇంటికొస్తుంది. బిల్లు చూసి భయపడి చేతినుంచి కట్టేయకుండా, హాస్పిటల్ బిల్లింగ్ వాళ్లకు ఫోన్ చేసి, కోబ్రా తీసుకున్నాం, పేరు ఎక్కగానే క్లెయిమ్ మళ్లీ పంపండని చెప్పాలి. ఆమె రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. జనవరి మూడో వారంలో క్లెయిమ్ సరైంది.

ఒక్కరికే తీసుకోవడం అన్ని ఇళ్లకూ పనికిరాదు. భార్య కడుపుతో ఉందనుకోండి. ఖర్చు ఆమెకే కదా అని ఆమె ఒక్కదానికే తీసుకుంటారు. ఉద్యోగం చేసిన మనిషి తనకూ కోబ్రా తీసుకుని ఉంటేనే ఆ తర్వాత పుట్టిన బిడ్డకు కోబ్రాలో సొంత హక్కు వస్తుంది. ఆయన తీసుకోకపోతే బిడ్డకు ఆ హక్కుండదు. అలాంటి ఇంట్లో ఇద్దరికీ తీసుకోమంటాను. పుట్టాక ముప్పై రోజుల్లోగా బిడ్డ పేరు చేర్పించమంటాను.

మరొకటి. కోబ్రా తీసుకుని నాలుగైదు నెలలయ్యాక ఖరీదెక్కువని మధ్యలో మానేస్తే, మార్కెట్‌ప్లేస్ తలుపు వెంటనే తెరుచుకోదు. నవంబర్‌లో ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ వచ్చేదాకా ఆగాల్సి రావచ్చు. భార్య తన ఉద్యోగంలోని ప్లాన్‌లో భర్తనూ పిల్లలనూ చేర్చుకోవాలంటే ముప్పై రోజులే గడువు. కోబ్రా కోసం అరవై రోజులూ ఆగుదామనుకునేవాళ్లు ఆ ముప్పైని పోగొట్టుకుంటుంటారు.

భర్త చనిపోయినా, విడాకులైనా భార్యాపిల్లల హక్కు ముప్పై ఆరు నెలలు. ఉద్యోగి చనిపోతే కంపెనీకే తెలుస్తుంది. విడాకుల సంగతి, పిల్లలకు ఇరవై ఆరేళ్లు నిండిన సంగతి అరవై రోజుల్లో కుటుంబమే ప్లాన్‌కు తెలపాలి. ఎవరూ చెప్పకపోతే నోటీసే రాదు.

నోటీసు వచ్చేది మామూలు పోస్టులో, కంపెనీ దగ్గరున్న ఆఖరి అడ్రసుకు. అందిందా లేదా అన్నది కాదు, సరిగా పంపారా లేదా అన్నదే చట్టం చూస్తుంది. ఉద్యోగం పోయాక అద్దె తక్కువని ఇల్లు మారే కుటుంబాలు ఎన్నో చూశాను. వెళ్లేటప్పుడు కొత్త అడ్రసు హెచ్ఆర్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. కంపెనీకీ ప్లాన్‌కూ కలిపి నోటీసు పంపడానికి నలభై నాలుగు రోజులుంటాయి. ఆ లోపు రాకపోతే మీరే అడగండి.

పిత్తాశయం ఆపరేషన్ జరిగిన ఆ ఇంటి తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. ఎవరైనా ఉద్యోగం వదిలి వెళుతూ నా ఎదురుగా కూర్చుంటే, కాగితాలు ఇచ్చే ముందు అడుగుతాను: "మీ ఆవిడను ఫోన్లోకి తీసుకుంటారా? లేదా మీ వారిని? ఈ కాగితం వాళ్లది కూడా." కొందరు మొహమాటపడతారు, ఇంట్లో ఇంకా చెప్పలేదంటారు. అలాంటప్పుడు గడువు తేదీ ఎర్ర సిరాతో కవరు మీదే రాసి ఇస్తాను. ఆ కవరు ఎప్పటికైనా తెరిచేది ఇంట్లోవాళ్లే.