రెండు చుక్కలు మాటను ముందుకు జరిపితే

చెన్నై నుంగంబాక్కంలో మాక్స్ ముల్లర్ భవన్‌గా అందరికీ తెలిసిన గోథే ఇన్‌స్టిట్యూట్‌లో జర్మన్ మొదలుపెట్టిన తెలుగువారికి తొలి పాఠాల్లోనే తగిలే మాట ‘పుస్తకం’. ఒకటైతే బూఖ్. రెండోది చేరగానే ఊకారం మీద రెండు చుక్కలు పడి, చివర ‘ఎర్’ వస్తుంది. దాన్ని మనం బ్యూషర్ అని రాసుకుంటాం. ఆ రాతలో అచ్చు, నడుమ హల్లు, చివరి రేఫ మూడూ తప్పుతాయి.

ముందు అచ్చు. ‘ఈ’ అని సాగదీయండి. నాలుకను కదపకుండా పెదవులను మాత్రం ‘ఊ’కు చుట్టినట్టు చుట్టండి. వినిపించేదే చుక్కల ఊకారం. ముల్లర్ పేరులో ఉన్నదీ ఇదే, కాకపోతే హ్రస్వం. ‘ఏ’ పలుకుతూ ‘ఓ’ పెదవులు పెడితే చుక్కల ఓకారం వస్తుంది. ముందు యకారం వినబడిందంటే నాలుక జారిందన్నమాట. చుక్కల ఆకారం మనకు కష్టం కాదు, అది దాదాపు మన ‘ఎ’కారమే.

ఇక సి-హెచ్ జంట. దీని పనితనం ముచ్చటైనది. బూఖ్‌లో ఊకారానికి నాలుక వెనక్కి వెళుతుంది కాబట్టి హల్లూ వెనకే పుడుతుంది. ఉర్దూవాళ్లు ‘ఖబర్’ అన్నప్పుడు గొంతు దగ్గర గాలి రాసుకునే ఖకారం అది, మన వత్తు ‘ఖ’ కాదు. చుక్కలు అచ్చును ముందుకు లాగగానే హల్లు కూడా వెంట నడిచి అంగిలి కిందికి వస్తుంది. ‘బాహ్యం’లోని హ్యను గొంతు కలపకుండా, ఒట్టి గాలితో సాగదీస్తే ఈ మెత్తని ధ్వని దొరుకుతుంది. ఆ, ఓ, ఊల తర్వాత కరకుది, ఇ, ఎ, చుక్కల అచ్చులు, హల్లుల తర్వాత మెత్తనిది. దీన్ని ‘ష’ చేస్తే అర్థమే మారిపోతుంది: కిర్‌హ్యె అంటే చర్చి, కిర్‌షె అంటే చెర్రీ పండు. పెదవులు ముందుకు పొడుచుకొస్తే ‘ష’ పలికినట్టే, మెత్తని ధ్వనికి అవి చిరునవ్వులోలా పక్కలకు సాగాలి.

చివరి ‘ఎర్’లో రేఫ దాదాపు ఉండదు, పొట్టి ‘అ’గా కరిగిపోతుంది. మాట మొదట్లో వచ్చే రేఫకు నాలుక మొదలు కొండనాలుక వైపు లేచి గాలిని ఒరుసుకుంటుంది, నాలుక కొన కింది పళ్ల దగ్గర ఊరకే ఉంటుంది. అది రాకపోయినా దిగులు లేదు. 1898లో థియోడోర్ జీబ్స్ కూర్చిన రంగస్థల ఉచ్చారణ నియమాలు నాలుక కొనతో పలికే రేఫనే కోరాయి, బవేరియాలో నేటికీ అది వినిపిస్తుంది.

కాబట్టి మొదటి శ్రమ చుక్కల అచ్చులకూ మెత్తని ధ్వనికీ పెట్టండి. మన ‘ర’ అక్కడ యాస మాత్రమే, ‘ష’ మాత్రం వేరే మాట.