సోడియం ఎక్కడికి పోయింది?

ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం విద్యార్థులకు నేను ఏటా వేసే ప్రశ్న ఒకటుంది. ఒక నెఫ్రాన్‌లో సమీపస్థ నాళిక చివరి నుంచి చుక్క ద్రవం తీశాం. ప్లాస్మాతో పోల్చి చూస్తే అందులో ఇన్యులిన్ గాఢత మూడు రెట్లుంది. గ్లూకోజ్ ఆనవాలే లేదు. సోడియం గాఢత మాత్రం ప్లాస్మాలో ఎంతో ఇక్కడా అంతే. ఈ నాళికలో సోడియం ఎంత పునఃశోషణ అయింది?

"ఏమీ కాలేదు సార్, గాఢత మారలేదు కదా" అంటారు తరగతిలో చాలామంది. సరైన జవాబు మూడింట రెండు వంతులు. ఏమాత్రం మారనట్టు కనబడే సోడియమే ఆ నాళికలో అన్నిటికంటే ఎక్కువ మొత్తంలో రక్తంలోకి తిరిగి వెళ్లింది. దీన్ని నిదానంగా విప్పి చూపడమంటే నాకు చాలా ఇష్టం. మూత్రం తయారయ్యే తీరులో విద్యార్థులు తడబడే చోట్లు చాలావరకు ఇక్కడే పుడతాయి.

ముందు ఇన్యులిన్ సంగతి. ఇది చికోరీ, డాలియా దుంపల్లో దొరికే పిండిపదార్థం. రక్తంలోకి ఎక్కిస్తే గ్లోమెరులస్‌లో నీటితో పాటు ధారాళంగా వడకట్టుకుపోతుంది. ఆ తర్వాత నాళిక దాన్ని వెనక్కి తీసుకోదు, కొత్తగా కలపదు. కాబట్టి ఇన్యులిన్ గాఢత పెరిగిందంటే కారణం ఒక్కటే, చుట్టూ ఉన్న నీరు తగ్గింది. గాఢత మూడు రెట్లయితే మిగిలిన నీరు మూడో వంతు.

ఇప్పుడు అంకెలు వేద్దాం. రెండు మూత్రపిండాలు కలిసి నిమిషానికి 125 మిల్లీలీటర్లు వడపోస్తాయి. నెఫ్రాన్లు సుమారు 20 లక్షలు. అంటే ఒక్కో నెఫ్రాన్ వంతుకు నిమిషానికి దాదాపు 60 నానోలీటర్లు వస్తాయి. ప్లాస్మాలో సోడియం లీటరుకు 140 మిల్లీమోల్‌లు అనుకుంటే, ఆ 60 నానోలీటర్లలో 8.4 నానోమోల్‌ల సోడియం నాళికలోకి దిగుతుంది. సమీపస్థ నాళిక చివరికి చేరేది 20 నానోలీటర్లే. దాని గాఢత కూడా 140 కాబట్టి అందులో ఉన్నది 2.8 నానోమోల్‌లు. తక్కిన 5.6 నాళిక గోడ దాటి రక్తంలో కలిసిపోయింది. ఉప్పు వేసిన మజ్జిగ మూడు గ్లాసులుంటే రెండు తాగేశాక మిగిలిన గ్లాసు ఉప్పదనం మారదు, ఉప్పు మాత్రం మూడో వంతే మిగులుతుంది. సమీపస్థ నాళిక గోడ నీటిని సులువుగా పోనిస్తుంది. సోడియం వెళ్లిన చోటికల్లా నీరూ అదే నిష్పత్తిలో వెంట నడుస్తుంది. అందుకే గాఢత కదలదు.

అందుకని నేను నేర్పే పద్ధతి ఒకటే. ఏ పదార్థం గాఢతైనా ప్లాస్మాలో దాని గాఢతతో భాగించాలి. వచ్చినదాన్ని ఇన్యులిన్‌కు అలాగే వచ్చిన నిష్పత్తితో మళ్లీ భాగించాలి. చివరికి వచ్చేది, వడపోతలో దిగిన ఆ పదార్థంలో అక్కడ ఇంకా ఎన్నో వంతు ఉందో చెబుతుంది. సోడియానికి 1ని 3తో భాగిస్తే మూడో వంతు. గ్లూకోజ్‌కు సున్నా, అంటే మొత్తం వెనక్కి వెళ్లింది.

ఈ చుక్కను తీయడం ఊహ కాదు. 1924లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో వెర్న్, రిచర్డ్స్ కప్ప మూత్రపిండంలో ఒక్క గ్లోమెరులస్ చుట్టూ ఉన్న ద్రవాన్ని అతి సన్నని గొట్టంతో లాగారు. అందులో ప్రోటీన్ లేదు, చక్కెర ఉంది. అదే కప్ప మూత్రాశయంలోని మూత్రంలో చక్కెర లేదు. వడపోత ముందు, పునఃశోషణ తర్వాత అన్న క్రమానికి అది కళ్లెదుట దొరికిన రుజువు. ఆ ప్రయోగం చెప్పకుండా నేను పాఠం మొదలుపెట్టను.

ప్రశ్నను ముందుకు నడిపిద్దాం. హెన్లీ శిక్యం దాటాక మరో చుక్క తీశాం. ఇన్యులిన్ ఇప్పుడు ఐదు రెట్లు, సోడియం ప్లాస్మాలో సగం అనుకుందాం. నీరు ఐదో వంతు మిగిలింది. సోడియం, సగాన్ని ఐదుతో భాగిస్తే, పదో వంతే మిగిలింది. ఇక్కడ నీరూ ఉప్పూ దారులు విడిపోయాయి. శిక్యంలో పైకెక్కే మందపాటి భాగం సోడియాన్ని బయటికి పంపుతుంది గానీ నీటిని దాటనివ్వదు. ఈ ఒక్క పని వల్లే లోపల ద్రవం పలచబడుతుంది, బయట మెడుల్లాలో లవణం పోగవుతుంది. దాహంతో ఉన్నప్పుడు మూత్రం చిక్కబడటానికి ఆ పోగైన లవణమే ఆధారం. ఫ్యూరోసెమైడ్ వేసుకున్నవాళ్లకు మూత్రం ధారాళంగా వచ్చేది ఇక్కడి పనిని ఆ మందు ఆపేస్తుంది కనుక.

ఇక స్రావం. మొదటి చుక్కలోనే మరో పదార్థం గాఢత ఆరు రెట్లు ఉందనుకోండి. ఆరును మూడుతో భాగిస్తే రెండు. వడపోతలో దిగినదానికి రెట్టింపు ఇక్కడ ఉంది. అదనంగా ఉన్నది వడపోతలో రాలేదు. నాళిక కణాలు రక్తం నుంచి తీసి లోపలికి వదిలాయన్నమాట. పెన్సిలిన్‌ను మూత్రపిండం ఇలాగే గెంటేస్తుంది. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో తొలి రోగికి ఇచ్చిన పెన్సిలిన్ అంత త్వరగా మూత్రంలోకి పోతుంటే, దాన్ని మూత్రం నుంచి తిరిగి వెలికితీసి మళ్లీ ఎక్కించారు.

ఈ భాగహారం ల్యాబ్‌లో ఆగిపోదు. వార్డులో ఇన్యులిన్ ఎవరూ ఎక్కించరు, దాని స్థానంలో రక్తంలో ఎలాగూ ఉండే క్రియాటినిన్‌ను వాడతారు. అది కొద్దిగా స్రావమవుతుంది కాబట్టి లెక్క కాస్త తేడా వస్తుంది, అయినా పనికొస్తుంది. ఎండాకాలంలో రెండు రోజులు వాంతులై, మూత్రం తగ్గి వచ్చిన పెద్దాయనను ఉదాహరణగా ఇస్తాను. రక్తంలో సోడియం 140, క్రియాటినిన్ 2. మూత్రంలో సోడియం 14, క్రియాటినిన్ 100. సోడియం నిష్పత్తి 0.1, క్రియాటినిన్ నిష్పత్తి 50. భాగిస్తే 0.002, అంటే వడపోసిన సోడియంలో 0.2 శాతమే బయటికి పోతోంది. నాళిక కణాలు బతికే ఉన్నాయి, దొరికిన ప్రతి సోడియాన్నీ పట్టి వెనక్కి పంపుతున్నాయి. రక్తప్రవాహం తగ్గడమే అసలు కారణమని ఈ అంకె సూచిస్తుంది, సెలైన్‌తో తేరుకునే అవకాశం ఎక్కువ. నాళిక కణాలే దెబ్బతిని ఉంటే పట్టి ఉంచే శక్తి పోయి, ఆ అంకె సాధారణంగా 2 శాతం దాటుతుంది.

ఇక్కడ విద్యార్థులు తొందరపడతారు. 1 శాతం కంటే తక్కువ వస్తే జబ్బు ఫలానా అని రాసేస్తారు. ఆరోగ్యవంతుడి లెక్క వేసి చూడమంటాను. రోజుకు 180 లీటర్లు వడపోస్తే దిగే సోడియం దాదాపు 25,000 మిల్లీమోల్‌లు, మూత్రంలో పోయేది 150. అంటే 0.6 శాతం. క్రియాటినిన్ హఠాత్తుగా పెరిగి, మూత్రం తగ్గినవాళ్ల దగ్గరే ఈ అంకెకు అర్థం ఉంది. ఆ పెద్దాయన గుండెజబ్బుకు ఫ్యూరోసెమైడ్ వాడుతుంటే అప్పుడూ దీన్ని నమ్మలేం. కణాలు బాగానే ఉన్నా మందే సోడియాన్ని బయటికి తోస్తుంది. అలాంటప్పుడు ఇదే భాగహారాన్ని యూరియాతో వేస్తారు. ఎక్కువగా సమీపస్థ నాళికలో పునఃశోషణ అయ్యే యూరియా మీద శిక్యంలో పనిచేసే ఆ మందు ప్రభావం తక్కువ. అక్కడ గీత 35 శాతం దగ్గర ఉంటుంది. దానికంటే తక్కువ వస్తే నాళిక ఇంకా పనిచేస్తోందన్న వైపే మొగ్గు చూపుతారు.