సోమవారానికి 420 పేజీలు

విదేశీ ప్రచురణకర్తల పుస్తకాలకు పేజీలు కట్టిపెట్టే ఆఫీసులు పుదుచ్చేరిలో ఉన్నాయి. అలాంటి ఒకదాంట్లో క్లయింట్లకు వెళ్లే జవాబులు చూసి పంపడం నా పని. ఆగస్టు 11, సోమవారం సాయంత్రం నాలుగున్నరకి లండన్ నుంచి మెయిల్ వచ్చింది. 420 పేజీల గణితం పుస్తకానికి మొదటి ప్రూఫ్ 18వ తేదీ సోమవారం పొద్దున్నకి కావాలట. మా యానాం కుర్రాడు అప్పటికే జవాబు రాసేశాడు: ‘ఈ గడువు అసాధ్యం. ఇంత తక్కువ టైంలో ఎవరూ చేయలేరు.’

“పంపేయమంటారా అండీ?”

రాసింది పూర్తిగా అబద్ధమేం కాదు. కాకపోతే అది చదివిన ఎడిటర్‌కి మనకి ఒక రోజు చాలట్లేదో, నెల చాలట్లేదో తెలియదు. ఆవిడ మళ్లీ ఒత్తిడి చేస్తుంది, లేదా పని ఇంకొకరికి ఇచ్చేస్తుంది.

ఇద్దరం క్యాలెండర్ ముందేసుకున్నాం. లెక్కలు, సూత్రాలు నిండిన పేజీలు ఒక మనిషి చెక్ చేసుకుంటూ రోజుకి 35 కట్టగలడు. ఈ పనికి ఉన్నది ఇద్దరు. లండన్‌లో అప్పుడు మధ్యాహ్నం పన్నెండు, వాళ్ల లెక్కలో సోమవారం కూడా పనిదినమే, మొత్తం ఐదు. మనకి సోమవారం అయిపోయింది. 15 స్వాతంత్ర్య దినం. 16న కూడా ఇక్కడ సెలవే: 1962లో ఆ తేదీనే పుదుచ్చేరి చట్టబద్ధంగా ఫ్రాన్స్ నుంచి మన దేశానికి వచ్చింది. ఆ మర్నాడు ఆదివారం. అంటే మిగిలింది మూడు రోజులు, 210 పేజీలు. సరిగ్గా సగం.

జవాబు తిరగరాశాం. మొదటి వాక్యంలోనే ఇవ్వగలిగింది పెట్టాం: మొదటి ఆరు అధ్యాయాలు 14వ తేదీ సాయంత్రానికి, మిగతా ఆరు 21కి. నిజానికి 20 సాయంత్రానికి అయిపోతాయి, ఆ ఒక్క రోజూ చేతిలో ఉంచుకున్నాం. రెండో దారి: పుస్తకమంతా 18కే కావాలంటే మీదే ఇంకో పుస్తకం మీద ఉన్న ఇద్దరిని ఇటు తెస్తాం, అది మూడు రోజులు వెనక్కి పోతుంది, మధ్యలో రచయిత మార్పులు పంపితే ఈ గడువు నిలవదు. ఇది కావాలంటే మీ సోమవారం సాయంత్రంలోపే చెప్పాలి. సెలవుల సంగతి ఒక్క ముక్కలో రాశాం.

“చెకింగ్ లేకుండా ఇస్తామని మూడోది కూడా పెడదామండీ, పెద్దగా కనిపిస్తుంది” అన్నాడు కుర్రాడు. వద్దన్నాను. మనకి ఇష్టం లేనిదాన్ని వరసలో పెడితే క్లయింట్ ఏరి ఏరి దాన్నే పట్టుకుంటాడు. తప్పుల ప్రూఫ్ మళ్లీ మన బల్ల మీదికే వస్తుంది.

చివర్లో ఒక ప్రశ్న చేర్చాం: 18న ప్రూఫ్ ఎవరికి కావాలి? జవాబు గంటలో వచ్చింది. ఆ రోజు సేల్స్ వాళ్ల మీటింగట, నాలుగు అధ్యాయాలు చూపిస్తే చాలట. మొదటి దారే ఖాయం చేసి, ఏడాది మొత్తానికి మా సెలవుల పట్టిక పంపమంది ఆవిడ.