ఒక్క పేరాలో దర్శకుడు

ఫిల్మ్ ఫెస్టివల్ కేటలాగులో ఒక్కో సినిమాకు సాధారణంగా ఒక పేజీ, లఘుచిత్రానికైతే అరపేజీ దక్కుతుంది. స్టిల్, సినిమా పేరు, దేశం, భాష, సంవత్సరం, నిడివి, ముఖ్య సాంకేతిక నిపుణుల పేర్లు, నాలుగైదు వాక్యాల కథాసారం అయ్యాక మిగిలిన చోటులో దర్శకుడి పరిచయం ఒక్క పేరాగా వస్తుంది. దాన్ని చదివేవాళ్లలో మూడు రకాల వాళ్లు ముఖ్యం. ఏ ఆటకు వెళ్లాలో తేల్చుకోలేక పేజీలు తిప్పే ప్రేక్షకుడు ఒకరు. సినిమా అయ్యాక వేదిక మీద దర్శకుడితో మాట్లాడబోయే వ్యక్తి మరొకరు. తమ ఊళ్లో జరగబోయే మరో ఫెస్టివల్ కోసం సినిమాలు వెతికే ఎంపికదారు మూడోవారు. ఈ ముగ్గురికీ కావలసింది జీవితచరిత్ర కాదు. ఈ మనిషి ఇంతకుముందు ఏం తీశాడు, ఎలా తీస్తాడు, ఏ విషయం ఆయన్ను వదలకుండా పట్టుకుంది అన్న మూడు సంగతులే.

దర్శకుడి పరిచయానికీ దర్శకుడి మాటకూ తేడా ఉంది. సినిమాలను ఆన్‌లైన్‌లో పంపే FilmFreeway లాంటి చోట్ల Director Biography, Director Statement అని రెండు వేర్వేరు గడులు కనిపిస్తాయి. రెండోదానిలో దర్శకుడు ‘నేను’ అని రాసుకోవచ్చు, ఈ కథ తన మనసులో ఎలా పుట్టిందో చెప్పుకోవచ్చు. మొదటిది ప్రథమ పురుషలో నడుస్తుంది. అందులో ఉద్దేశాలకు చోటు లేదు, పూర్తయిన పనికే చోటు. ‘సమాజాన్ని మార్చాలన్న తపనతో’ అనే మాట మొదటి గడిలో పడితే పరిచయం కాస్తా ప్రకటనగా మారిపోతుంది.

పేరాలో వాక్యాల వరుస దాదాపు స్థిరపడిపోయింది. మొదటి వాక్యం మనిషిని, ఊరిని, వృత్తిని చెబుతుంది. తర్వాత ఇంతకుముందు తీసిన సినిమాలు సంవత్సరాలతో వస్తాయి. ఆ సినిమాల్లో తెర మీద కనబడే పద్ధతి వాటి వెంటే వస్తుంది. ఆపైన వాటన్నిటినీ కలిపే విషయం. చివరి వాక్యం ఇప్పుడు ప్రదర్శిస్తున్న సినిమా దగ్గరికి తెచ్చి ఆగుతుంది. మొత్తం ఇంగ్లిష్‌లో 100 మాటల దరిదాపుల్లో ఉంటుంది. విభక్తులు మాటలకే అతుక్కుంటాయి కాబట్టి తెలుగులో అదే విషయం ఇంకా తక్కువ మాటల్లో ఇముడుతుంది. అందుకే తెలుగులో రాసుకుని ఇంగ్లిష్‌లోకి మార్చేవాళ్లు నిడివిని ముందే కొంత తగ్గించి రాసుకోవాలి.

ఈ వరుసలో అన్నిటికన్నా కష్టమైనవి శైలి, ఇతివృత్తం. బి. నర్సింగరావు పరిచయాన్ని రాయడానికి కూర్చుంటే ఆ కష్టం ఎక్కడుందో తెలుస్తుంది. ఆయన 1946లో మెదక్ ప్రాంతంలోని ప్రజ్ఞాపూర్‌లో పుట్టారు. చిత్రకారుడు, ఫొటోగ్రాఫర్, కవి కూడా. గౌతమ్ ఘోష్ దర్శకత్వం వహించిన ‘మా భూమి’కి నిర్మాతల్లో ఒకరు. దర్శకుడిగా ‘రంగుల కల’ (1983), ‘దాసి’ (1988), ‘మట్టి మనుషులు’ (1990) తీశారు. ‘మా ఊరు’ (1987) డాక్యుమెంటరీ. ఈ జాబితాను ఉన్నదున్నట్టు పేరాలో పోస్తే అది సినిమాల పట్టిక అవుతుంది తప్ప పరిచయం కాదు. పట్టికకు కేటలాగులో వేరే చోటే ఉంటుంది.

ముందు శైలి. ‘దాసి’ గురించి ‘వాస్తవిక శైలి’ అని రాయడం తేలిక, కానీ ఆ మాట వందలాది సినిమాలకు సరిపోతుంది. శైలి అంటే ప్రేక్షకుడు హాల్లో కూర్చుని కళ్లతో, చెవులతో పట్టుకోగలిగినది. షాటు ఎంతసేపు నిలుస్తుంది, కెమెరా మనిషికి ఎంత దూరంలో ఉంటుంది, సంగీతం ఎప్పుడు వస్తుంది, నటులు ఎంత మాట్లాడతారు అన్నవి అలాంటి విషయాలు. ‘దాసి’లో మాటలు చాలా తక్కువ. దొర గడిలో దాసీగా బతికే కమలాక్షి (అర్చన) జీవితం ఆమె మాటల్లో కన్నా చేసే పనుల్లో, మౌనంలో తెలుస్తుంది. ‘మాటలు చాలా తక్కువ, పనులే కథ చెబుతాయి’ అని రాస్తే సినిమా చూసిన వ్యక్తి అవునో కాదో చెప్పగలడు. ‘వాస్తవిక శైలి’కి అలా అవునని గానీ కాదని గానీ చెప్పే వీలు లేదు. శైలి వాక్యం రాశాక చేయవలసిన పరీక్ష అదే.

ఇతివృత్తానికి వేరే పరీక్ష ఉంది. ‘మళ్లీ మళ్లీ వచ్చే’ అని రాసిన ప్రతి విషయం కనీసం రెండు సినిమా పేర్ల మీద నిలబడాలి. నర్సింగరావు విషయంలో మొదట తోచేది ‘తెలంగాణ పల్లె’. కానీ ‘రంగుల కల’ హైదరాబాద్‌లోని ఒక చిత్రకారుడి కథ. ‘మట్టి మనుషులు’ పల్లె వదిలి నగరానికి వచ్చిన కూలీల కథ. ‘తెలంగాణ పల్లె’ అంటే ఈ రెండూ జాబితాలోంచి జారిపోతాయి. కాస్త లోతుకు వెళ్తే అన్నిటికీ సరిపోయేది ఒకటి దొరుకుతుంది. చేతులతో పనిచేసే మనిషికి తన బతుకు మీద ఎంత హక్కు ఉంది అన్న ప్రశ్న అది. చిత్రకారుడికీ, గడిలో దాసికీ, భవనాల దగ్గర కూలీకీ అది వర్తిస్తుంది. విశాలమైన మాటతో మొదలుపెట్టి, దానికి లొంగని సినిమాను పక్కన పెట్టి, మాటను మార్చి మళ్లీ చూడటమే ఇక్కడ అసలు పని.

ఆ పని అయ్యాక పేరా ఇలా కుదురుతుంది: ‘మెదక్ ప్రాంతంలోని ప్రజ్ఞాపూర్‌లో 1946లో పుట్టిన బి. నర్సింగరావు చిత్రకారుడు, కవి, దర్శకుడు. “మా భూమి” నిర్మాతల్లో ఒకరైన ఆయన “రంగుల కల” (1983)తో దర్శకుడయ్యారు, అందులో చిత్రకారుడి పాత్రను తానే పోషించారు. పల్లె జీవితం మీద “మా ఊరు” (1987) డాక్యుమెంటరీ తీశాక వచ్చిన “దాసి” (1988)లో మాటలు చాలా తక్కువ, గడి లోపలి బతుకును పనులూ మౌనమూ చెబుతాయి. చేతులతో పనిచేసే మనిషికి తన బతుకు మీద ఎంత హక్కు ఉందన్నది ఆయన సినిమాల్లో మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్న. “మట్టి మనుషులు” (1990) ఆ ప్రశ్నను నగరంలోని భవన నిర్మాణ కూలీల దగ్గరికి తీసుకెళ్లింది.’

ఈ పేరాలో పురస్కారాలు లేవు. ‘దాసి’కి అయిదు జాతీయ పురస్కారాలు వచ్చాయి. వాటిలో ఉత్తమ నటి పురస్కారం అర్చనది, ఛాయాగ్రహణం ఎ.కె. బీర్‌ది, కళాదర్శకత్వం తోట వైకుంఠానిది. ‘అయిదు జాతీయ పురస్కారాల దర్శకుడు’ అని రాస్తే ఇతరుల గౌరవాన్ని కూడా దర్శకుడి ఖాతాలో వేసినట్టవుతుంది. చోటుంటే ‘అయిదు జాతీయ పురస్కారాలు పొందిన “దాసి”’ అని సినిమాకు అంటించి రాయవచ్చు. ఇలాంటి పొరపాటే కాన్స్ విషయంలోనూ జరుగుతుంది. కాన్స్‌లో లఘుచిత్రాల పోటీ వేరు, అది 15 నిమిషాలకు మించని సినిమాలకే. షార్ట్ ఫిల్మ్ కార్నర్ వేరు, అది పోటీ కాదు, లఘుచిత్రాలు తీసేవాళ్లు పరిశ్రమ వాళ్లను కలిసే వేదిక. రెండింటికీ కలిపి ‘కాన్స్‌కు ఎంపికైంది’ అని రాస్తే, తెలిసిన ఎంపికదారు ఆ పేరాలోని మిగతా వాక్యాలను కూడా అనుమానంతోనే చదువుతాడు.

సంవత్సరాల్లో మరో చిక్కు. ‘మా భూమి’ పక్కన కొన్నిచోట్ల 1979, కొన్నిచోట్ల 1980 కనిపిస్తుంది. సినిమా పూర్తయిన ఏడాదిని వేయాలా, విడుదలైన ఏడాదినా అన్నది కేటలాగు అంతటా ఒకే పద్ధతిలో ఉండాలి. లఘుచిత్రం అన్న మాటకూ హద్దులు ఒకేచోట లేవు. ఆస్కార్ లెక్కలో టైటిళ్లతో కలిపి 40 నిమిషాల లోపుది లఘుచిత్రం, కాన్స్ పోటీకి 15 నిమిషాలే. అందుకే పేరు పక్కన నిడివి వేయడం ‘లఘుచిత్రం’ అనడం కన్నా నమ్మకమైన పని.

నాలుగైదు సినిమాలున్న దర్శకుడి సంగతి ఇది. రెండే లఘుచిత్రాలు తీసి మొదటి పెద్ద సినిమాతో వచ్చే యువకుడికి ఇదే పేరా ఇంకా కష్టం, ఎందుకంటే చెప్పడానికి ఉన్నదే తక్కువ. ఉదాహరణకు ఎల్లారెడ్డి నుంచి వచ్చిన ఒక దర్శకుణ్ని ఊహించుకోవచ్చు. మొదటి చిత్రం 12 నిమిషాలది, ఇంట్లో బీడీలు చుట్టే తల్లి మీద. రెండోది 24 నిమిషాలది, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన తండ్రిని గుర్తుపట్టని కొడుకు మీద. రెండూ కామారెడ్డి, నిజామాబాద్ పల్లెల్లో తెలిసిన బతుకులే. చప్పున తోచే ఇతివృత్తం ‘వలస’. కానీ మొదటి సినిమాలో వలస లేదు. రెండింటినీ మళ్లీ చూస్తే కలిపేది కథ కాదు, కెమెరా నిలబడిన చోటు. రెండింటిలోనూ కెమెరా ఇల్లు దాటదు. కార్ఖానా వాళ్లు వెనక్కి తోసేసిన బీడీల సంగతీ, గల్ఫ్ నుంచి వచ్చే ఫోనూ గొంతులుగానే లోపలికి వస్తాయి. అప్పుడు శైలి, ఇతివృత్తం ఒకే వాక్యంలో కలుస్తాయి: ‘ఆయన రెండు లఘుచిత్రాల్లోనూ కెమెరా ఇల్లు దాటదు, ఇంటి బతుకును నిర్ణయించే బయటి మనుషులు గొంతులుగానే వినబడతారు.’ రెండు సినిమాలకు ‘మళ్లీ మళ్లీ’ అనడం ఎక్కువే, ‘రెండింటిలోనూ’ అనడం సరిపోతుంది.

పాత లఘుచిత్రం నుంచి కొత్త సినిమాలోకి ఏం వచ్చిందో చెప్పగలిగితే పేరాకు మరో వాక్యం అక్కరలేదు. తరుణ్ భాస్కర్ ‘అనుకోకుండా’ అనే లఘుచిత్రంలో నటించిన రీతూ వర్మే ‘పెళ్ళిచూపులు’ (2016)లో కథానాయిక. అలా కొనసాగిన నటి గానీ, ఊరు గానీ, ఛాయాగ్రాహకుడు గానీ ఉంటే ఆ ఒక్క సంగతి దర్శకుడి ప్రయాణాన్ని విశేషణాలు లేకుండా చూపిస్తుంది.

ఊరి పేరు దగ్గర కూడా జాగ్రత్త కావాలి. ఎల్లారెడ్డి కామారెడ్డి జిల్లాలో ఉంది, ఎల్లారెడ్డిపేట రాజన్న సిరిసిల్ల జిల్లాలో, ఎల్లారెడ్డిగూడ హైదరాబాద్ నగరంలో. బయటి ఊళ్లో కూర్చున్న సంపాదకుడు ఒకదానికి బదులు మరొకటి వేసే ప్రమాదం ఉంది కాబట్టి జిల్లా, రాష్ట్రం రెండూ రాయాలి. కామారెడ్డి జిల్లా 2016 అక్టోబరులో నిజామాబాద్ నుంచి విడిపోయింది. అంతకుముందు అచ్చయిన పరిచయాల్లో నిజామాబాద్ అని ఉంటుంది. ఆ ఏడాదే ప్రజ్ఞాపూర్ మెదక్ నుంచి సిద్దిపేట జిల్లాలోకి వెళ్లింది.

అచ్చుకు పంపే ముందు ఆఖరుగా చూసుకోవలసింది ఇంగ్లిష్ అక్షరాల్లో పేర్లు. ‘దాసి’లో మొదటి అక్షరం తర్వాత ఎ ఒకటి వేసినవీ రెండు వేసినవీ రెండూ ఉన్నాయి. దర్శకుడి పేరూ అంతే. టైటిల్‌లో ఎలా ఉందో, పరిచయంలో, సినిమాల పట్టికలో, పుస్తకం చివరి అకారాది సూచికలో అలాగే ఉండాలి. ఒక్క అక్షరం తేడా వచ్చినా సూచికలో అది వేరే మనిషిగా నమోదవుతుంది. పేరా ఎంత బాగా రాసినా వెతికేవాళ్ల చేతికి అందదు.